పేజీకి పాస్‌వర్డ్ ఉండదు, అడ్మిన్లకే ఉంటుంది

"మా చీరల షాపు ఫేస్‌బుక్ పేజీకి నలుగురం అడ్మిన్లం. పని మానేసిన కుర్రాడు కూడా అందులోనే ఉన్నాడు. పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుందా?"

సరిపోదండీ. పేజీకంటూ విడిగా పాస్‌వర్డ్ ఉండదు, మీ నలుగురి సొంత ప్రొఫైళ్లే దానికి తాళాలు. పూర్తి అధికారం ఉన్న ఒక్కరి అకౌంట్ పోయినా, ఆ దొంగ మిమ్మల్నే అడ్మిన్‌గా తీసేయగలడు.

ముందు Page access తెరిచి ఆ కుర్రాడిని తొలగించండి. పూర్తి అధికారం మీకూ, ఇంట్లో నమ్మకమైన మరొకరికీ చాలు. పోస్టులు పెట్టేవాళ్లకు task access ఇవ్వండి.

తర్వాత అందరూ Password and securityలోకి వెళ్లి, ఇంకెక్కడా వాడని పొడవాటి పాస్‌వర్డ్ పెట్టి, పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే టూ-ఫ్యాక్టర్ ఆన్ చేయాలి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే కోడ్ కన్నా, ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ మేలు. రికవరీ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఫోన్ పోతే అవే దిక్కు.

ఇక "కాపీరైట్ ఉల్లంఘన, మీ పేజీ తీసేస్తాం" అంటూ మెసెంజర్‌లో వచ్చే లింకులు నొక్కకండి. అక్కడ పాస్‌వర్డ్, కోడ్ కొడితే, టూ-ఫ్యాక్టర్ ఉన్నా లాగిన్ వాళ్ల చేతికి పోతుంది.