హార్మోన్ మాత్రల వార్త: వాడినవారు ఎవరు?

“మెనోపాజ్ తర్వాత హార్మోన్ మాత్రలు వాడేవారికి గుండెజబ్బులు తక్కువని వార్తలో చదివాను. అమ్మను వాడమనవచ్చా?”

గుండె కోసమైతే వద్దండి. అమెరికాలో నర్సులను ఏళ్ల తరబడి గమనించినప్పుడు ఆ తేడా కనిపించిన మాట నిజమే కానీ, మాత్ర వాడాలా వద్దా అన్నది అక్కడ ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. ఆరోగ్యంపై ముందునుంచీ శ్రద్ధ ఉన్నవారే వాడేవారిలో ఎక్కువగా ఉంటే, మేలు మాత్రదో శ్రద్ధదో తేల్చలేము.

తర్వాత 16,608 మందిని లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి ఈస్ట్రోజెన్–ప్రొజెస్టిన్ హార్మోన్ల మాత్ర, మిగిలినవారికి మందులేని మాత్ర ఇచ్చిన ప్రయోగాన్ని, మేలుకన్నా హాని మించడంతో 2002లో మధ్యలోనే ఆపేశారు. ఏడాదికి 10,000 మందిలో మందులేని మాత్రవారిలో 30 మందికి గుండెజబ్బు వస్తే, అసలు మాత్రవారిలో 37 మందికి వచ్చింది. వేడి ఆవిర్ల బాధకు వాడటం వేరే విషయం, అది డాక్టరుతో మాట్లాడవలసినది.