కొత్త డాక్టరుకి కానుక కొనే ముందు

చిరంజీవి బాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ స్నేహితురాలి డాక్టరు చదువు పూర్తయిందని రాశావు, చాలా సంతోషం. తనకి స్టెతస్కోప్ కొనాలనుంది, డబ్బు సరిపోవడం లేదు అన్నావు. అప్పు చేసి మరీ కొనకు. ఇన్నేళ్లు నర్సుగా కొత్త డాక్టర్ల పక్కనే పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, చదువుకునే రోజుల్లోనే తను ఒకటి కొనుక్కుని ఉంటుంది. దాంట్లో గుండె చప్పుడు ఎలా వినిపిస్తుందో తన చెవికి అలవాటైపోయి ఉంటుంది. మంచిది కొనాలంటే ఖరీదు ఎక్కువ. చవకది ఇస్తే నీ మీద గౌరవంతో తీసుకుంటుంది గానీ వాడదు.

దానికి బదులు తన పాత స్టెతస్కోప్‌నే బాగుచేసి ఇవ్వు. చెవుల్లో పెట్టుకునే ఇయర్ టిప్స్ కొన్నేళ్లకి గట్టిపడతాయి, పగుళ్లు వస్తాయి. అప్పుడు చెవిలో సరిగ్గా అతుక్కోక బయటి గోల లోపలికి వస్తుంది, సన్నని శబ్దాలు వినపడవు. వేళ్లతో నొక్కి చూస్తే తెలుస్తుంది: మెత్తగా అణగకపోతే మార్చాల్సిందే. కొత్తవి అదే కంపెనీవి, అదే మోడల్‌కి సరిపోయేవి అయి ఉండాలి. వేరేవి వదులుగా కూర్చుంటే ఊడి చెవిలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. వీటికి పెద్ద ఖర్చు కాదు. ట్యూబ్ కూడా గట్టిపడి, మెడ దగ్గర వంపు తిరిగిన చోట పగుళ్లు కనిపిస్తే మాత్రం అది టిప్స్‌తో తీరే పని కాదు. అప్పుడు నలుగురు స్నేహితులు కలిసి, తననే అడిగి, తనకి నచ్చిన మోడల్ కొత్తది కొనండి. ఆ ఒక్క సందర్భంలో ఆశ్చర్యపరచాలని చూడొద్దు.

టిప్స్‌తో పాటు ట్యూబ్‌కి తగిలించే పేరు బిళ్ల ఒకటి చేయించు. వార్డులో స్టెతస్కోప్‌లన్నీ ఒకేలా ఉంటాయి. ఎవరిదో ఎవరో తీసుకుపోవడం రోజూ జరిగేదే. బిళ్ల మీద 'డాక్టర్' అని, పక్కనే తన పేరు చెక్కించు. ఆ మాట తన పేరు ముందు మొదటిసారి చూసుకోవడం తనకెంత ఇష్టంగా ఉంటుందో నువ్వే చూస్తావు. పేరు ఎలా రాసుకుంటుందో, ఇంటిపేరు ముందో వెనకో, వాళ్లింట్లోవాళ్లని ముందే కనుక్కో. చెక్కించాక మార్చలేం. బిళ్ల నున్నటి ప్లాస్టిక్‌దో లోహందో అయి ఉండాలి, ట్యూబ్‌ని నొక్కేయకుండా పట్టాలి. రంగుదారాలతో కుట్టిన గుడ్డ తొడుగులు అందంగానే ఉంటాయి, నాకూ ఇష్టమే. కానీ ఒక రోగి నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్లేటప్పుడు స్పిరిట్‌తో తుడవాలి కదా, గుడ్డని అలా తుడవలేం. క్రిములు అందులోనే ఉండిపోతాయి.

ఇంకాస్త డబ్బు మిగిలితే ఒక పెన్‌లైట్ తీసుకో. కంటిపాప వెలుతురుకి ముడుచుకుంటోందా లేదా చూడటానికి, గొంతు చూడటానికి అది రోజంతా పనికొస్తుంది. కళ్లు జిగేల్‌మనిపించే తెల్లటి లైటు వద్దు, రోగికి ఇబ్బంది. కాస్త పసుపు వెలుగు, పక్కన కంటిపాప కొలతలు మిల్లీమీటర్లలో ముద్రించి ఉన్నది, బ్యాటరీ మార్చుకోగలిగేది అయితే చాలు.

చేతి గడియారం ఇవ్వాలని చాలామంది అనుకుంటారు. నాడి లెక్కపెట్టడానికి సెకన్ల ముల్లు ఉండాలన్నది నిజమే. కానీ చేతులు బాగా కడుక్కోవాలని, మోచేతి కింద ఏమీ పెట్టుకోవద్దనే ఆసుపత్రులు ఉన్నాయి. తను చేరబోయే చోట ఏ నియమమో తెలియకుండా కొనకు. లావు పుస్తకాలు అసలే వద్దు, కొత్త ముద్రణ రాగానే పాతబడిపోతాయి.

ఇక మనసు విషయం. పెద్ద కార్డు కొనకు, చిన్న కాగితం తీసుకో. నాలుగుగా మడిస్తే మెడలోని ఐడీ కార్డు వెనక పట్టాలి. 'నువ్వు గొప్ప డాక్టరువి అవుతావు' అని రాయకు, అది అందరూ రాసేదే. పరీక్షల టెన్షన్‌లో తను మానేస్తానన్న రోజు ఒకటి ఉండే ఉంటుంది. ఆ రోజు తర్వాత తను ఏం చేసిందో, నువ్వు కళ్లారా చూసింది రాయి. నాలుగైదు వాక్యాలు చాలు, పెన్నుతోనే రాయి. మొదటి నెలల్లో రాత్రి డ్యూటీలు చేసి ఏడ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. అలాంటి రాత్రి చదువుకోవడానికి వాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

తనకి తెలియకుండా స్టెతస్కోప్ ఫోటో తీయమని వాళ్లింట్లో ఎవరినైనా అడుగు. మోడల్ పేరు కనబడేలా ఒకటి, ట్యూబ్ వంపు దగ్గర ఒకటి. అవి నాకు పంపిస్తే టిప్స్ సరిపోతాయో లేదో చూసి చెబుతాను, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టు.

నీ పెద్దమ్మ