చెవి పొడిగా ఉంటే చిల్లు పూడుతుంది, చుక్కలు వేస్తే కాదు

ప్రశ్న: నా వయసు 31. మూడు వారాల క్రితం ఇయర్ బడ్‌తో చెవి శుభ్రం చేసుకుంటుంటే మా పాప పరిగెత్తుకొచ్చి మోచేతికి తగిలింది. భరించలేని నొప్పి, కొంచెం రక్తం. ఆ కుడి చెవి అప్పటి నుంచి సరిగా వినపడటం లేదు, గుయ్‌మంటోంది. ఈఎన్‌టీ డాక్టర్ చూసి కర్ణభేరికి చిల్లు పడిందని, దానంతట అదే పూడుతుందని చెప్పారు, మందులేమీ రాయలేదు. భయమేసి మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేసుకుంటున్నాను. అత్తయ్య వెల్లుల్లి నూనె గోరువెచ్చగా చేసి వేశారు. నాలుగు రోజులుగా చెవి తడిగా ఉంటోంది. ఆపరేషన్ తప్పదా? తలస్నానం చేయొచ్చా? వచ్చే నెల దుబాయ్‌లో మా చెల్లి దగ్గరికి వెళ్లాలి, విమానం ఎక్కొచ్చా?

జవాబు: ఆ చుక్కల మందు, నూనె రెండూ ఈ రోజే ఆపేయండమ్మా. ఆపరేషన్ సంగతి తర్వాత.

నన్ను కంగారు పెట్టింది మీ చెవి నాలుగు రోజులుగా తడిగా ఉండటం. దెబ్బ వల్ల పడిన చిల్లయితే మూడు వారాలకి ఆ చెవి పొడిగా ఉండాలి. ఇప్పుడు తడి మొదలైందంటే ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉండొచ్చు, లేదంటే వేసిన నూనే బయటికి కారుతూ ఉండొచ్చు. ఏదన్నది చెవిలోకి చూడకుండా చెప్పలేను. అందుకే మిమ్మల్ని మొదట చూసిన డాక్టర్ దగ్గరికే రెండు మూడు రోజుల్లో మళ్లీ వెళ్లండి. ఏ మందు వేశారో ఆ సీసా కూడా తీసుకెళ్లండి.

మందులు రాయలేదని ఆ డాక్టర్ మీద అనుమానపడ్డట్టున్నారు. ఆయన చేసింది సరైన పనే. పొడిగా ఉన్న చిల్లుకి చుక్కలు అక్కర్లేదు, యాంటీబయాటిక్ మాత్రలు కూడా సాధారణంగా అక్కర్లేదు. చీటీ మీద మందు లేకపోతే వైద్యమే జరగలేదని మనవాళ్లు అనుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ చాలామంది ఖాళీ చీటీ చూసి మొహం చిన్నబుచ్చుకుంటారు.

షాపులో తెచ్చిన మందు పేరు మీరు రాయలేదు, నాకు కావాల్సింది అదే. చెవి చుక్కలు అని అడిగితే ఇచ్చేవాటిలో గులిమి కరిగించేవి ఉంటాయి, నొప్పి తగ్గించేవి ఉంటాయి, యాంటీబయాటిక్ ఉన్నవి, దానికి స్టెరాయిడ్ కలిపినవి ఉంటాయి. కర్ణభేరికి చిల్లు లేనప్పుడు ఏది వేసినా బయటి కాలువలోనే ఆగిపోతుంది. చిల్లు ఉంటే నేరుగా మధ్య చెవిలోకి దిగుతుంది. అక్కడి నుంచి లోపలి చెవికి అడ్డుగా ఉన్నది రౌండ్ విండో అనే పల్చటి పొర. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి మందులు ఆ పొర దాటి వెళితే వినికిడి కణాలకీ, శరీరం బ్యాలెన్స్ చూసుకునే కణాలకీ హాని చేయగలవు. ఆ నష్టం మళ్లీ పూడేది కాదు. కొద్ది రోజులు వాడిన ప్రతివాళ్లకీ అలా అవుతుందని కాదు, అలా జరగడం అరుదే. కానీ ఇన్‌ఫెక్షన్ లేని చెవిలో ఆ మందు వేసి ఆ రిస్క్ తీసుకోవాల్సిన పని ఏముంది? స్టెరాయిడ్ కలిపినవి రోజుల తరబడి వేస్తే చెవిలో ఫంగస్ పట్టే అవకాశం ఉంది. అప్పుడు నొప్పికన్నా దురద ఎక్కువ ఉంటుంది. చూస్తే తెల్లటి పొర, దాని మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి.

నిజంగా ఇన్‌ఫెక్షనే అయితే మీ డాక్టర్ చెవిని సక్షన్‌తో శుభ్రం చేసి, చిల్లున్న చెవిలోనూ వేయగలిగిన సిప్రోఫ్లాక్సాసిన్ లేదా ఆఫ్లాక్సాసిన్ చుక్కలు కొద్ది రోజులకి రాస్తారు. ఈ పేర్లు చదివి మళ్లీ షాపుకి వెళ్లకండి. లోపల చీము నిండి ఉంటే ఏ చుక్కా చేరాల్సిన చోటికి చేరదు, ఫంగస్ అయితే ఇవి పనిచేయవు. నూనె విషయంలో అత్తయ్యగారిని ఏమీ అననులెండి, ప్రేమతో వేశారు. కానీ వెల్లుల్లి ఘాటు చర్మాన్నే మండిస్తుంది, మధ్య చెవిలో ఉండే సున్నితమైన పొర సంగతి చెప్పక్కర్లేదు. పైగా నూనె అందులో చేరితే మీ అంతట మీరు తుడుచుకోలేరు.

చిల్లు ఎలా పూడుతుందో తెలిస్తే ఇవన్నీ ఎందుకు వద్దంటున్నానో మీకే అర్థమవుతుంది. కర్ణభేరి అడ్డంగా ఒక సెంటీమీటరుకు కాస్త తక్కువ ఉంటుంది. అందులో మూడు పొరలు. బయట చర్మం, మధ్యలో నారల పొర, లోపల మధ్య చెవి పొర. బయటి చర్మం ఒక చోట నిలిచి ఉండదు. కర్ణభేరి నడిమి నుంచి అంచులకి, అక్కడి నుంచి కాలువ వెంట బయటికి రోజుకి సుమారు 0.1 మిల్లీమీటరు చొప్పున జరుగుతూ ఉంటుంది. గులిమి దానంతట అదే బయటికి రావడానికి కారణం ఇదే, అందుకే ఇయర్ బడ్‌తో పనే లేదు. చిల్లు పడ్డప్పుడు ఈ చర్మమే అంచుల నుంచి పెరిగి ఖాళీ మీదుగా అవతలికి చేరుతుంది. దాని వెనక లోపలి పొర వస్తుంది. మధ్యలోని నారల పొర మాత్రం చాలాసార్లు పూర్తిగా తిరిగి రాదు. అందుకే పూడిన చోట కర్ణభేరి కొంచెం పల్చగా మిగిలిపోవచ్చు, దానివల్ల మామూలుగా వినికిడికి లోటేమీ ఉండదు.

దెబ్బ వల్ల పడిన చిల్లుల్లో నూటికి 80 నుంచి 90 వరకు ఇలా మూడు నెలల్లోపే పూడతాయి. చిన్నవైతే మూడు నుంచి ఆరు వారాల్లోనే. అంచున పెరిగే ఆ లేత చర్మం మీద చీము చేరితే పెరుగుదల ఆగిపోతుంది. అంచులు లోపలికి చుట్టుకుపోయినా, చిల్లు మరీ పెద్దదైనా, వెల్డింగ్ నిప్పురవ్వ పడి కాలి చిల్లు పడినా పూడటం కష్టమే.

ఒక కాలేజీ కుర్రాడి సంగతి చెబుతాను. హాస్టల్లో గొడవపడి చెంపదెబ్బ తిన్నాడు. ఎడమ చెవి కర్ణభేరిలో దాదాపు పావు వంతు చిరిగింది. వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ పరీక్షలో ఆ చెవి వినికిడి 30 డెసిబెల్స్ దగ్గర ఉంది, అంటే పక్కనుండి మెల్లగా మాట్లాడితే అందదు. ఈ అంకె ఎంత తగ్గితే వినికిడి అంత బాగున్నట్టు. మందేమీ ఇవ్వలేదు, చెవి తడపొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. నెల తర్వాత చూస్తే చిల్లు సగానికి తగ్గింది. రెండో నెల చివరికి పూర్తిగా మూసుకుంది, వినికిడి 15 డెసిబెల్స్‌కి, అంటే మామూలు స్థాయికి వచ్చింది. మీకూ అచ్చం ఇలాగే అవుతుందని హామీ ఇవ్వలేను. మీ చిల్లు ఎంత ఉందో, ఎక్కడ ఉందో నేను చూడలేదు.

ఎక్కడ ఉందన్నది చిన్న విషయం కాదు. ఇయర్ బడ్ లోతుగా దిగి కర్ణభేరి వెనక పైభాగంలో గుచ్చుకుంటే అక్కడున్న చిన్న ఎముకలు కదిలిపోవచ్చు. అందుకే ఒకటి అడుగుతున్నాను: మీకు కళ్లు తిరుగుతున్నాయా? లోకం గిర్రున తిరిగినట్టు ఉండటం, నోరు ఒక పక్కకి లాగడం, చెవి నుంచి నీళ్లలాంటి తేట ద్రవం కారడం, వినికిడి పూర్తిగా పోయినట్టు ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రెండు మూడు రోజులు కాదు, ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నోరు మూసుకుని 'మ్‌మ్‌' అని గొంతులో కూనిరాగం తీయండి. శబ్దం చిల్లున్న చెవిలోనే ఎక్కువ వినపడితే నరం మీద దెబ్బ లేదనడానికి మంచి సూచన. బాగున్న చెవి వైపు వినపడితే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. దీన్ని నమ్ముకుని ఆడియోగ్రామ్ మాత్రం మానేయొద్దు.

తలస్నానం చేయొచ్చు. దూది ఉండకి వ్యాజిలైన్ బాగా పట్టించి చెవి రంధ్రం ముందు భాగాన్ని మూసి, స్నానమైన వెంటనే తీసేయండి. వ్యాజిలైన్ లేని వట్టి దూది నీళ్లని పీల్చి లోపలికి చేరుస్తుంది. షాంపూ, కుంకుడు రసం నురుగు ఇంకా మోసకారివి, వట్టి నీళ్లు దూరని సన్నని చిల్లులోకి కూడా సబ్బు నీళ్లు సులువుగా దిగుతాయి. మిగతా సమయంలో చెవి తెరిచే ఉంచండి, రోజంతా దూది కుక్కితే లోపల చెమ్మ పట్టి ఇన్‌ఫెక్షన్‌కి దారి తీస్తుంది. పూడేవరకు ఈత, చెరువులోనో నదిలోనో మునకలు వద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. ముక్కు మూసి గట్టిగా ఊది చెవి 'తెరుచుకుందా' అని చూసే అలవాటుంటే మానేయండి.

ఇక ఆపరేషన్. మూడు నెలలు గడవకుండా దెబ్బ తగిలిన చెవికి సాధారణంగా ఆపరేషన్ చెప్పం, పైన రాసిన ప్రమాద లక్షణాలు ఉంటే తప్ప. మూడు నెలలకీ చిల్లు మిగిలి ఉంటే అప్పుడు చర్చకి వస్తుంది. చిల్లు చిన్నదైతే అంచులకి మందు రాసి కెలికి, సన్నటి కాగితం పొర అంటించి ఓపీలోనే ప్రయత్నించవచ్చు. కాకపోతే టింపనోప్లాస్టీ. చెవి పైన కండరాన్ని కప్పి ఉండే పల్చటి పొరని గానీ, చెవి ముందు భాగంలోని మృదులాస్థిని గానీ కొద్దిగా తీసి, చిల్లు కింద నుంచి అతికిస్తాం. అది ఆధారంగా నిలబడితే దాని మీదుగా చర్మం పెరుగుతుంది. పెద్దవాళ్లకి లోకల్ మత్తుతోనే చేయొచ్చు. అనుభవం ఉన్నవాళ్ల చేతిలో సుమారు నూటికి 85 నుంచి 90 మందికి అతుకు నిలబడుతుంది. నిలబడని వాళ్లూ ఉంటారు, అతుకు నిలిచినా వినికిడి ఆశించినంత పెరగని వాళ్లూ ఉంటారు. కొన్నాళ్లు నాలుక ఒక పక్క రుచి తేడాగా అనిపించవచ్చు, ఎందుకంటే రుచి నరం ఆ కర్ణభేరి వెనకనుంచే వెళుతుంది. వినికిడి ఇంకా తగ్గడం చాలా అరుదు, కానీ సంతకం పెట్టేముందు అది కూడా అడిగి తెలుసుకోండి. ఆపరేషన్‌కి ముందు చెవి కొన్ని వారాలైనా పొడిగా ఉండాలని మేం కోరుకుంటాం. అంటే ఇవాళ మీరు వేస్తున్న చుక్కలు పూడటాన్నీ ఆలస్యం చేస్తాయి, ఒకవేళ ఆపరేషన్ అవసరమైతే దాన్నీ వెనక్కి నెడతాయి.

చిల్లు మిగిలిన ప్రతివాళ్లకీ ఆపరేషన్ చేయాలనీ లేదు. చెవి పొడిగా ఉండి, వినికిడి పెద్దగా తగ్గకుండా, నీళ్లు పోకుండా చూసుకోగలిగితే అలాగే వదిలేసేవాళ్లున్నారు. మళ్లీ మళ్లీ చీము కారేవాళ్లకి, వినికిడి తగ్గి పనికి ఇబ్బంది పడేవాళ్లకి మాత్రం చేయించుకోమనే చెబుతాం. ఇదంతా దెబ్బ వల్ల పడిన చిల్లు గురించి. ఏళ్లుగా దుర్వాసనతో చీము కారే చెవి వేరే జబ్బు కావొచ్చు, దానికి ఎదురుచూడటం పనికిరాదు.

విమానం ఎక్కొచ్చు. చిల్లున్న చెవిలో గాలి ఒత్తిడి ఇటూ అటూ సులువుగా సర్దుకుంటుంది, మామూలు చెవిలో వచ్చే పోటు కూడా రాదు. కానీ ఇన్‌ఫెక్షన్ ఉంటే ముందు అది తగ్గించుకోండి. ప్రయాణానికి ముందు వెళ్లే విజిట్‌లో చిల్లు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో, ఎటు పక్క ఉందో బొమ్మ వేసి చీటీ మీద రాయమని అడగండి, ఆడియోగ్రామ్ కూడా దానితో పాటు పెట్టుకోండి. దుబాయ్‌లో ఎవరికైనా చూపించాల్సి వచ్చినా, మూడో నెల చివర్లో పోల్చి చూడాల్సి వచ్చినా ఆ కాగితాలే ఆధారం.