మూడు పోర్టళ్ల ఆర్డర్లు, ఒకే ప్యాకింగ్ షీటు: డబ్బు ఎక్కడ ఆగుతోంది?

ప్రశ్న: మంగళగిరి కాటన్ చీరలు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోలో అమ్ముతున్నాను. రోజుకు పాతిక ఆర్డర్ల దాకా వస్తాయి. అన్నీ ఒకే ఎక్సెల్ షీటులోకి తెచ్చి నేనూ మా ఆడపడుచూ ప్యాక్ చేస్తాం. పని ఆగడం లేదు కానీ, నేతవాళ్లకు డబ్బివ్వాల్సిన రోజుకు బ్యాంకులో ఉండటం లేదు. ఎవరు ఎంత కోస్తున్నారో, ఎప్పుడు వేస్తున్నారో అంతు చిక్కడం లేదు. బంగారం కుదువ పెట్టి రెండు లక్షలు తీసుకోమంటారా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: బంగారం జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీకు రావాల్సిన డబ్బు దారిలో ఉందా, లేక కోతల్లో, రిటర్నుల్లో ఇప్పటికే పోయిందా అన్నది ముందు తేలాలి. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. అది తేల్చడానికి మీ ప్యాకింగ్ షీటే పనికొస్తుంది, కాకపోతే కొద్దిగా మార్చాలి.

ప్యాకింగ్‌కు ఒకే వరుస ఉండటం మంచిదే. ఆ వరుసను పంపాల్సిన గడువును బట్టి మాత్రమే పేర్చండి. ఏ పోర్టల్లో ఎక్కువ మిగులుతుందో చూసి దాన్ని ముందు కట్టడం మొదలుపెడితే, రెండోవైపు గడువు తప్పుతుంది, ఆర్డరు రద్దవుతుంది, మీ ఖాతా రేటింగు పడిపోతుంది. లాభం చూసి ఎంచుకోవాల్సింది ఆర్డరు రాకముందు. ఒక రంగులో నాలుగు చీరలే ఉంటే మూడు చోట్లా నాలుగేసి చూపించకండి. ఎక్కువ మిగిలే చోట రెండు, మిగతా చోట్ల ఒక్కొక్కటి పెట్టండి. మూడింటిలోనూ ఆ చీరకు ఎస్‌కేయూ కోడ్ ఒకటే ఉండాలి. లేబుల్ మీది కోడూ చీర సంచి మీది కోడూ కలిశాకే సీల్ వేయమని మీ ఆడపడుచుకు చెప్పండి.

డబ్బు దగ్గరకొస్తే ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. ఒక చీరతో చూద్దాం. నేను వేసే రుసుములు ఉదాహరణ కోసమే, మీ రేట్ కార్డులో ఉన్నవి పెట్టుకుని మళ్లీ వేసుకోండి.

కమీషన్ తీసుకునే పోర్టల్లో చీర 1,050 రూపాయలకు అమ్మారు. అందులో 5 శాతం జీఎస్టీ 50 పోతే అసలు ధర 1,000. కమీషన్, ఫిక్స్‌డ్ ఫీజు, షిప్పింగ్ కలిపి 221 అనుకుందాం. ఆ రుసుముల మీద 18 శాతం జీఎస్టీ మరో 40. జీఎస్టీ కింద పోర్టల్ ముందే కోసే టీసీఎస్ అసలు ధర మీద అర శాతం, అంటే 5 రూపాయలు. ఆదాయపు పన్ను కింద కోసే టీడీఎస్ 0.1 శాతం, అంటే ఒక రూపాయి. చీర మీది జీఎస్టీ 50 మీ ఖాతాకే వస్తుంది కాబట్టి, 1,050లోంచి మిగతా కోతలన్నీ పోను బ్యాంకులో పడేది 783.

కమీషన్ లేని మీషోలో అదే చీర 840కి పెట్టారు. జీఎస్టీ 40 పోతే అసలు ధర 800. షిప్పింగ్ కొనేవాళ్ల దగ్గరే తీసుకుంటారు. 840లోంచి టీసీఎస్ 4, టీడీఎస్ ఒక రూపాయి పోను మీకు 835 వస్తుంది.

బ్యాంకులో పడినదంతా మీది కాదు, కోసినదంతా పోయినట్టూ కాదు. చీర మీది జీఎస్టీ మీరు కట్టాలి. రుసుముల మీది జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గుతుంది. టీసీఎస్‌ను జీఎస్టీ పోర్టల్లో మీరు ఆమోదిస్తేనే క్యాష్ లెడ్జర్లోకి చేరుతుంది. చాలామంది ఆ బటన్ నొక్కక వదిలేస్తుంటారు, నెలలు వెనక్కి వెళ్లి చూసుకోండి. టీడీఎస్ ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది. పన్నులన్నీ ఇలా తీసేస్తే చివరికి మిగిలే లెక్క తేలికే: అసలు ధరలోంచి రుసుములు తీసేయడం. మొదటి చోట 779, రెండో చోట 800. చీరకు నేతవాళ్లకిచ్చే 600, కవరూ డబ్బా 20 తీస్తే 159, 180.

అంటే మీషోనే మేలనిపిస్తుంది. ఇప్పుడు రిటర్నులు కలపండి. మొదటి చోట పదింటిలో ఒకటి వెనక్కి వచ్చి, దానికి 90 పడిందనుకుందాం. తొమ్మిది చీరల మీద 1,431 మిగులుతుంది. వెనక్కొచ్చినదాని ఖర్చు, కవరుతో కలిపి 110 తీస్తే 1,321. రెండో చోట పదింటిలో రెండు వెనక్కి వచ్చి, ఒక్కోదానికి 160 పడితే, ఎనిమిదింటి మీద వచ్చిన 1,440లో 360 పోయి 1,080 మిగులుతుంది. రిటర్ను ఒక్కటి పెరిగేసరికి లెక్క తిరగబడింది. చీర మడత నలిగి మళ్లీ అమ్మలేకపోతే ఇంకో 600 పోయినట్టే.

కాబట్టి షీటులో ప్రతి వరుసకూ మూడు గడులు చేర్చండి: బ్యాంకులో పడాల్సిన మొత్తం, పడాల్సిన తేదీ, పడిన మొత్తం. తేదీ ఒక్కో పోర్టల్‌కు ఒక్కోలా లెక్కేయాలి. మీషో డెలివరీ అయిన ఏడు రోజులకు వేస్తుంది. మిగతా రెండింటిలో మీ ఖాతాకు ఏ గడువు పెట్టారో సెల్లర్ ప్యానెల్లో చూసి రాసుకోండి. అది డెలివరీ నుంచి లెక్కా, పంపిన రోజు నుంచి లెక్కా అన్నది కూడా చూడండి.

పడిన మొత్తాన్ని సెటిల్‌మెంట్ రిపోర్టు నుంచి తెచ్చుకునేటప్పుడు ఒకచోట జాగ్రత్త. ఎక్సెల్ 15 అంకెలు దాటిన నంబరు చివరి అంకెల్ని సున్నాలు చేసేస్తుంది. పొడుగాటి ఆర్డర్ ఐటమ్ ఐడీలున్న రిపోర్టును డబుల్ క్లిక్ చేసి తెరిస్తే రెండు వేర్వేరు ఆర్డర్లు ఒకే నంబరైపోతాయి. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకుని ఇంపోర్ట్ చేయండి. తర్వాత ఈ రిపోర్టులోనూ ప్యాకింగ్ షీటులోనూ ఐడీ ముందు A-, F-, M- అని పోర్టల్ అక్షరం చేర్చండి. టెక్స్ట్‌గా ఉన్నా సరే, అంకెలే ఉంటే కింది ఫార్ములా దాన్ని మళ్లీ నంబరుగానే పోల్చుతుంది, అక్షరం ఉంటే పోల్చదు.

```
=SUMIFS(Pay!D:D,Pay!A:A,A2)
```

రిపోర్టును Pay అనే షీటులోకి తెచ్చి, A కాలమ్‌లో ఐడీ, D కాలమ్‌లో మొత్తం ఉంచండి. ప్యాకింగ్ షీటులో A కాలమ్‌లో అదే ఐడీ ఉండాలి, ఫార్ములా ‘పడిన మొత్తం’ గడిలో రాయాలి. VLOOKUPతో వెతికితే మొదట దొరికిన వరుస ఒక్కటే వస్తుంది. ఇక్కడ అది చాలదు. ఒకే ఆర్డరుకు ముందు డబ్బు వేసి, రిటర్నయ్యాక వెనక్కి లాక్కుని, షిప్పింగ్ విడిగా కోస్తారు కాబట్టి అన్నీ కూడితేనే నిజం తెలుస్తుంది. పడాల్సిన దానికీ పడిన దానికీ పది రూపాయలకు మించి తేడా ఉన్న వరుసల్ని మాత్రం తెరిచి చూడండి. ఎక్కువగా దొరికేది బరువు తేడా. మీరు అర కిలో అని రాస్తే వాళ్లు పై స్లాబ్ వేసి ఉంటారు. కట్టేటప్పుడు తూకం మీద పెట్టి, లేబుల్ కనిపించేలా ఫొటో తీసి ఉంచుకుంటే అభ్యంతరం పెట్టుకోవచ్చు, గడువు దాటనివ్వకండి.

ఇక లోను. రోజుకు పాతిక చీరలు, ఒక్కోటి 600. పంపిన దగ్గర్నుంచి డబ్బు పడేదాకా పదిహేను రోజులైతే, నేతవాళ్లకు ముందే ఇచ్చిన 2,25,000 ఎప్పుడూ దారిలోనే ఉంటుంది. దీనికితోడు నెల చివర్లో అమ్మిన చీరల డబ్బు పడకముందే, నెలవారీ జీఎస్టీ రిటర్ను వేసేవాళ్లు తర్వాతి నెల 20కల్లా పన్ను కట్టాలి. అందుకని పడిన ప్రతి చెల్లింపులోంచి పన్ను భాగాన్ని వేరే ఖాతాలోకి మార్చేయండి, అదే ఖాతాలో ఉంటే నేతవాళ్ల చేతికి వెళ్లిపోతుంది.

నెల రోజులు షీటు నడిపి, ఇంకా పడాల్సిన మొత్తాన్ని కూడండి. దారిలో ఉన్న చీరలకు మీరు పెట్టిన ఖర్చు కంటే అది ఎక్కువగా ఉండి, తేదీల ప్రకారం పడుతూ ఉంటే మీ సమస్య డబ్బు పడటానికి పట్టే ఎడమే. అప్పుడు రెండు లక్షల లోను తీసుకోవచ్చు, కానీ నెల నెలా వడ్డీ కట్టి, చేతిలో డబ్బున్నప్పుడు అసలు తగ్గించుకునే వీలున్నదే తీసుకోండి. కూడితే ఖర్చు కూడా రాకపోతే లోను వద్దు. ఎక్కువ రిటర్నులున్న పోర్టల్లో ఆ చీరల స్టాకు సున్నా చేసి, మరో నెల చూసి నాకు రాయండి.