ఫొటో కింద ఒక్క ముక్క రాయి, తమ్ముడూ

తమ్ముడూ,

డాబా మీద ముప్పై సంచుల్లో మిరప పెట్టావనీ, ఇక రైతు బజార్‌లో పచ్చిమిర్చి కొనేదే లేదంటున్నావనీ మరదలు ఫోన్లో చెప్పింది. సంతోషం వేసింది, వెంటనే భయమూ వేసింది. సంచులు పిట్టగోడల వెంట సర్దు, కింద నీళ్లు నిలవనీయకు. నీకు తెలిసినవే, అయినా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

అసలు గొడవ నీ ఫొటోలతో. నిన్న పొద్దున నాలుగు పంపావు. అన్నీ నిలబడి పైనుంచి తీసినవే, కింద ఒక్క అక్షరం లేదు. "ఏమైంది?" అని అడిగితే రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక ఇంకో ఫొటో పెట్టావు. అదీ మూగదే! ఆకు ముడుచుకుందని నాకూ కనిపిస్తోంది. పైకి ముడుచుకుందో కిందికి ముడుచుకుందో మాత్రం తెలియట్లేదు. ఏ మందు కొట్టాలన్నది ఆ తేడా మీదే ఉంటుంది.

అంచులు పైకి లేచి ఆకు దోనెలా అయితే తామర పురుగు. కొమ్మ చివర కింద తెల్ల కాగితం పట్టి తట్టు, సన్నని నలకల్లాంటివి రాలి పాకుతాయి. దానికి వేపనూనె పనిచేస్తుంది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త సబ్బునీళ్లు. అంచులు కిందికి వంగి, కాడ సాగి, ఆకు ముదురు పచ్చగా మారితే నల్లి. అది కంటికి ఆనదు, ఆకు అడుగున భూతద్దం పెట్టాల్సిందే. దానికి నీళ్లలో కలిసే గంధకం, లీటరుకు 3 గ్రాములు. ఆ గంధకాన్ని తామర పురుగు మీద కొడితే దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. వేడి రోజుల్లో నల్లికి వారంలోపే ఇంకో తరం పుడుతుంది. మన ప్రశ్నా జవాబూ రెండు రోజులు నడిస్తే అవి మాత్రం ఆగవు కదా.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, మా పాత కాలనీలో ఎదురింటాయన సంగతి గుర్తొచ్చింది. మంచి మనిషి, మాట తక్కువ. శివరాత్రి దాటిన రోజులు, ఎండ అప్పుడే ముదురుతోంది. ఆయన పంపిన ఫొటోలో చిగుళ్లు కిందికి వంగి స్పష్టంగా కనిపించాయి. నల్లి అని చెప్పి గంధకం రాశాను. మూడు రోజుల ముందే ఎవరో చెప్పారని మొక్కలన్నీ తడిసేలా వేపనూనె కొట్టిన సంగతి ఆయన చెప్పలేదు. దాని మీద గంధకం, అదీ మధ్యాహ్నం పూట కొట్టారు. నూనె జిడ్డు పోని ఆకు మీద గంధకం పడితే ఆకు మాడుతుంది. రెంటికీ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి. ఎండ మండే వేళ ఒక్క గంధకం కూడా ప్రమాదమే.

రెండో రోజుకు అంచులు గోధుమరంగుకు తిరిగాయి, పూత రాలింది. తెగులు ముదిరిందనుకుని ఆయన మళ్లీ మందు కలుపుతుంటే నేను మేడెక్కాను. మెట్ల మీద వేపనూనె సీసా కనిపించింది. ముదురాకులు కూడా మాడి ఉన్నాయి. నల్లి అయితే చిగుళ్లను పట్టాలి, ముదురాకుల జోలికి అంతగా పోదు. మందు మంట అని అర్థమై ఆపించాను. కొన్ని మొక్కలు తర్వాత చిగురించాయి, ఆ కాపు మాత్రం పోయింది. పాపం, ఆయన రోజూ పొద్దున్నే టీ గ్లాసుతో వాటి దగ్గరే నిలబడేవారు. నిన్ను అలా చూడలేను.

అందుకని ఫొటో కింద ఇలా రాయి: "మిరప, నాటి రెండు నెలలు, వారం నుంచి చిగుళ్లు కిందికి ముడత, ఆదివారం వేపనూనె కొట్టాను." టైప్ చేయడానికి అర నిమిషం పడుతుందేమో. బద్ధకమైతే వాయిస్ పెట్టు. అన్నిటికంటే చివరి మాట ముఖ్యం. ఏమీ కొట్టకపోతే "ఏమీ కొట్టలేదు" అని రాయి. ఖాళీగా వదిలేస్తే నేను ఏదీ తేల్చుకోలేను.

ఒక రకానికి మాత్రం మందు లేదు. ఆకులు చిన్నవై గజిబిజిగా నలిగి, ఈనెలు పసుపెక్కి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చే వైరస్. దాన్ని పీకి దూరంగా పడెయ్యాలి. కానీ ఫొటో చూసి నేను పీకెయ్యమనను. పక్క మొక్కలు ఎలా ఉన్నాయో నువ్వు రాశాకే చెబుతాను.

ఈ సాయంత్రం ఆకు తిరగేసి అడుగు భాగం ఒక ఫొటో తియ్యి, పక్కనుంచి ఇంకోటి. కింద ఆ ముక్క రాసి పంపు. జవాబు వచ్చేదాకా ఏ సీసా మూతా తీయకు. మరదలిని అడిగానని చెప్పు.

నీ అన్న