విశాఖ రూఫ్‌టాప్ రెస్టారెంట్ సాయంత్రపు రెండర్: ఆకాశం, బల్బులు, చెక్క డెక్

ప్రశ్న: విశాఖ బీచ్ రోడ్డులో ఒక రూఫ్‌టాప్ రెస్టారెంట్‌కు బ్లెండర్‌లో సాయంత్రం వ్యూ చేస్తున్నాను. స్ట్రింగ్ లైట్లు, చెక్క డెక్ అన్నీ పెట్టాను. కానీ బల్బులు తెల్లటి చుక్కల్లా వస్తున్నాయి, మిగతాదంతా చీకటి, పైగా నాయిజ్. సందడి కూడా కనిపించడం లేదు. ఎక్కడ సరిచేయాలి?

జవాబు:

ముందు బల్బులన్నీ ఆపేసి ఆకాశాన్ని సరిచేసుకోండి. ఈ తరహా చిత్రంలో నీడలకు రంగునూ దృశ్యానికి లోతునూ ఇచ్చేది ఆకాశమే. అది పూర్తిగా నల్లబడిన రాత్రిని ఎంచుకుంటే ఎన్ని బల్బులు పెట్టినా పిట్టగోడ, కుర్చీల కాళ్లు, మనుషుల భుజాలు వెనకనున్న చీకటిలో కలిసిపోతాయి. అందుకే సూర్యుడు అస్తమించిన సుమారు 20 నిమిషాల తర్వాతి వెలుగును తీసుకుంటాను. అప్పుడు ఆకాశం ముదురు నీలంగా ఉన్నా దాని వెలుతురు ఇంకా వస్తువుల అంచులను పట్టి చూపిస్తుంది.

విశాఖకు ఇక్కడ ఒక ప్రత్యేకత ఉంది. మన సముద్రం తూర్పున ఉంటుంది, సూర్యుడు కొండల వైపు దిగుతాడు. కనుక కెమెరా సముద్రం వైపు చూస్తున్నప్పుడు నీటి మీద నారింజ రంగు అస్తమయాన్ని పెడితే ఆ ఊరివారు ఒక్క చూపులోనే పట్టేస్తారు. నేను అదే రోడ్డులోని ఒక మేడకు పని చేసినప్పుడు యజమాని అడిగింది సరిగ్గా ఆ నారింజ రంగునే. హెచ్‌డీఆర్‌ఐని తిప్పి, వెలుగున్న వైపును కెమెరా వెనక్కి పంపి, సముద్రం మీద నీలం, ఊదా కలిసిన మసక ఆకాశాన్నీ లంగరు వేసిన ఓడల దీపాలనూ ఉంచి, కెమెరాను కొంచెం ఈశాన్యానికి జరిపి తీరం వంపునూ కైలాసగిరినీ ఫ్రేములోకి తెచ్చాక ఆయన నారింజ రంగు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక బల్బుల విషయం. ఒకే బల్బు కంటికి బల్బులా కనిపించాలి, చుట్టూ వెలుతురూ ఇవ్వాలి. మీ సమస్య అంతా ఈ రెండు పనులనూ ఒకే ఎమిషన్ మెటీరియల్‌తో చేయించడంలోనే ఉందని అనుకుంటున్నాను. టేబుల్ మీదికి వెలుతురు చాలాలని స్ట్రెంగ్త్ పెంచితే బల్బు రంగు పోయి తెల్లటి చుక్కగా మారుతుంది. రంగు నిలవాలని తగ్గిస్తే టేబుల్ చీకటైపోతుంది. పైగా గాజు బుడగ లోపల చిన్న ఎమిషన్ మెష్‌ను పెడితే వెలుతురు ఆ గాజును దాటి రావలసి వస్తుంది, దానివల్లే తెల్లటి మచ్చల నాయిజ్ పుడుతుంది.

ఈ రెండింటినీ విడదీయండి. బల్బు మెష్‌కు Ray Visibility లో Camera, Transmission మాత్రమే ఉంచి, Diffuse, Glossy, Shadow తీసేయండి. దాని స్ట్రెంగ్త్‌ను చూడటానికి బాగున్నంత వరకే, తేనె రంగు పోకుండా పెట్టండి. అదే చోట సుమారు 3 సెంటీమీటర్ల రేడియస్‌తో ఒక పాయింట్ లైటు ఉంచి, దానికి Camera ఆపేయండి. వెలుతురు ఇచ్చే పని దానిదే. రెండింటికీ Blackbody నోడ్‌లో 2400 పెడితే సరిపోతుంది. వందకు దగ్గరగా లైట్లు ఉన్నా, Light Tree ఆన్‌లో ఉంటే సైకిల్స్ వాటిని బాగానే తట్టుకుంటుంది.

తీగ వేలాడే తీరు కూడా ముఖ్యమే. నేను చేసిన డెక్ 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. వెడల్పు వైపున ఆరు వరుసల తీగలు లాగాను. 8 మీటర్ల తీగకు నడుమ 32 సెంటీమీటర్ల వేలాడు ఇచ్చి, కొక్కేలను 2.9 మీటర్ల ఎత్తున ఉంచితే, 12 సెంటీమీటర్ల బల్బును కూడా లెక్కలోకి తీసుకున్నాక నడుమ సుమారు 2.45 మీటర్ల ఖాళీ మిగులుతుంది, కనుక పొడవైన మనిషి నిలబడినా తల తగలదు. ఆరు తీగలకూ ఒకే వేలాడు ఇవ్వకుండా ఒక్కోదాన్ని కొద్దిగా మార్చండి. ఇంకొక్క సంగతి: అర్రే, కర్వ్ మాడిఫయర్లతో బల్బులు పేర్చినప్పుడు అవి తీగ వంపును బట్టి పక్కకు వాలిపోతాయి. నిజంగా బల్బు తన బరువుకు నిట్టనిలువుగా వేలాడుతుంది. తీగ చివర్ల దగ్గర చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఆ పనిలో మనుషులు లేకుండా లైటింగ్ మాత్రమే చూపించినప్పుడు యజమాని, "అంతా బాగుందండీ, కానీ హోటల్ కట్టేసే వేళలా ఉంది" అన్నారు. సందడి అంటే మనుషుల సంఖ్య ఒక్కటే కాదు, వారి ముఖాల మీద వెలుతురు కూడా. స్ట్రింగ్ లైట్లు నెత్తి మీద నుంచి పడతాయి కనుక కళ్ల గుంటలు నల్లబడతాయి. ప్రతి టేబుల్ మీదా ఒక చిన్న దీపం పెట్టి, ఆ వెలుతురు కింది నుంచి గడ్డాన్నీ చెంపలనూ తాకేలా చేస్తే ముఖాలు తేరుకుంటాయి. టేబుళ్లన్నీ నింపకండి, మూడింట రెండు వంతులు నిండితే చాలు. కొన్ని కుర్చీలను వెనక్కి లాగి వదిలేయండి, కొన్ని పళ్లాలను సగం ఖాళీగా ఉంచండి. ట్రే పట్టుకుని నడిచే సర్వర్‌కు మాత్రమే కాస్త మోషన్ బ్లర్ ఇవ్వండి. దగ్గరి టేబుల్‌కు స్కాన్ చేసిన మనుషులను పెట్టకపోవడమే మేలు. వారి జుట్టు, వేళ్లు కెమెరా దగ్గర తేలిపోతాయి.

డెక్ చూడటానికి సులువే గాని, ఈ వెలుతురంతా పడేది దాని మీదే. 140 మిల్లీమీటర్ల పలకలకు 5 మిల్లీమీటర్ల సందు ఇస్తే 8 మీటర్ల వెడల్పుకు 55 వరుసలు వస్తాయి. కింద అడ్డదూలాలు 400 మిల్లీమీటర్లకు ఒకటి ఉన్నాయనుకుని, పలకల చివరలు దూలం మీదే కలిసేలా 2.4 మీటర్ల పలకలు వాడి, పక్క వరుసలో అతుకును 800 మిల్లీమీటర్లు జరపండి. Geometry నోడ్‌లోని Random Per Island తో ఒక్కో పలకకు రంగునూ రఫ్‌నెస్‌నూ కొంచెం మారిస్తే, బల్బుల మెరుపు ఒకే చాపలా పరుచుకోకుండా పలక పలకకూ తెగుతూ వస్తుంది. కూర్చున్న మనిషి కంటి ఎత్తున, అంటే 1.2 మీటర్లలో కెమెరా పెట్టినప్పుడు, పలకలు చూపుకు అడ్డంగా కాక చూపు వెంబడి సాగేలా వేయండి. అడ్డంగా వేస్తే దూరంలో సందులు ఒకదానిపై ఒకటి నలిగి, చారల గజిబిజిగా కనిపిస్తాయి.

చివరగా, ఆకాశానికీ బల్బులకూ మధ్య పాళ్లు కుదర్చడానికి మళ్లీ మళ్లీ రెండర్ చేయనక్కర్లేదు. ఆకాశం, తీగల లైట్లు, టేబుల్ దీపాలు ఈ మూడింటినీ వేర్వేరు Light Groups లో పెట్టి ఒక్కసారి రెండర్ చేస్తే, కంపోజిటర్‌లో ఒక్కోదాన్ని విడిగా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. టేబుల్ పై తెల్లటి గుడ్డ ఆకాశం కంటే ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపులు, అంటే రెండు మూడు రెట్లు, ఎక్కువ వెలుగుతో ఉంటే నాకు సరిగ్గా అనిపిస్తుంది. అంతకు మించితే ఆకాశం చచ్చిపోతుంది, తగ్గితే దీపాలు వెలిగించనట్టే ఉంటుంది. వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ను కాసేపు False Color కు మార్చి చూస్తే ఈ తేడా రంగుల్లోనే తెలిసిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: రెండర్‌లోని డీనాయిజర్ లైట్ గ్రూప్ పాస్‌లకు వర్తించదు. కనుక ఒక్కో పాస్‌కూ విడిగా Denoise నోడ్ పెట్టి, ఆ తర్వాతే వాటిని కలపండి.