కుర్తీ కొనేముందు ఎవరి రివ్యూ నమ్మాలి

చి. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన కాటన్ కుర్తీ లింకు చూశాను. సగంమంది "చిన్నగా వచ్చింది, ఒక సైజు పెద్దది తీసుకోండి" అంటున్నారు, మిగతావాళ్లు "పర్ఫెక్ట్" అంటున్నారు, ఎల్ తీసుకోనా ఎక్స్ఎల్ తీసుకోనా అని అడిగావు. రెండు మాటలూ నిజమే కావచ్చు. ఆ మాట అన్నది ఎలాంటి ఒళ్లున్న మనిషో తెలిస్తే తేలిపోతుంది.

ముందు టేపు తీసి నీ ఛాతీ చుట్టుకొలత చూసుకో. నువ్వు రాసినట్టు 38 అంగుళాలే అనుకుందాం. ఆ లింకులోని సైజుల పట్టికలో ఎల్‌కి 40, ఎక్స్ఎల్‌కి 42 అని ఉంది. ఇవి బట్ట కొలతలా, ఒంటి కొలతలా అన్నది పట్టిక పైనో కిందో చాలాసార్లు రాసి ఉంటుంది, తప్పక చూడు. చాలామంది పొరబడేది అక్కడే. నీ కుర్తీకి ఇచ్చింది బట్ట కొలతే. సాగని కాటన్‌కి ఒంటికంటే కనీసం రెండంగుళాలు ఎక్కువుండాలి, లేకపోతే చెయ్యి పైకెత్తినప్పుడు వీపు దగ్గర పట్టేస్తుంది. అంటే ఎల్ నీకు అంచు మీద ఉంది.

ఇక రివ్యూలకొద్దాం. నక్షత్రాలను పట్టించుకోకు. పార్సెల్ త్వరగా వచ్చిందని అయిదు ఇచ్చేవాళ్లున్నారు, రంగు నచ్చక ఒకటి ఇచ్చేవాళ్లున్నారు. రివ్యూల్లో వెతికే చోట tight, loose, shrink, chota అని ఒక్కొక్కటే కొట్టి చూడు. వచ్చినవాటిలో ఎత్తు, బరువు, కొన్న సైజు మూడూ చెప్పినవాళ్లనే పక్కన పెట్టుకో.

ఆ మూడూ ఉన్నా అందరి మాటకీ ఒకే విలువ ఇవ్వకు. నువ్వు 5 అడుగుల 2 అంగుళాలు, 64 కిలోలు. 5 అడుగుల 6 అంగుళాల ఆవిడ ఒకామె, ఆమెదీ 64 కిలోలే, ఎల్ పర్ఫెక్ట్ అంది చూడు. బరువు ఒకటే అయినా ఆమెకది నాలుగంగుళాలు ఎక్కువ పొడవున పరుచుకుని ఉంది, కాబట్టి నీకంటే సన్నగా ఉండే మనిషే. వదులు, బిగుతు విషయంలో ఆమె మాట నీకు పనికిరాదు. పొడవు విషయంలో మాత్రం పనికొస్తుంది: ఫొటోలో అంచు ఆమె పిక్క మధ్యలో ఆగింది, నీకు ఇంకో మూడంగుళాలు కిందికి దిగుతుంది. చుట్టుకొలతకైతే ఎత్తులో రెండంగుళాలు, బరువులో నాలుగు కిలోల తేడా లోపు ఉన్నవాళ్లనే చూడు. అప్పుడు కూడా అంచనానే, ఎందుకంటే బరువు కొందరికి తుంట్ల దగ్గర చేరుతుంది, కొందరికి భుజాల దగ్గర.

అలా జల్లెడ పడితే నీకు మిగిలేది ముగ్గురే. 5 అడుగుల 1 అంగుళం, 66 కిలోల ఆవిడ ఎల్ కొని, "ఛాతీ దగ్గర ఓకే, చంకల్లో టైట్" అంది. 5 అడుగుల 3, 62 కిలోల అమ్మాయి ఎల్ బాగుందని రాసి, ఉతికాక బిగిసిందని తర్వాత చేర్చింది. నీ ఎత్తే ఉండి 68 కిలోలున్నావిడ ఎక్స్ఎల్ తీసుకుని, ఛాతీ సరిపోయింది, భుజం కాస్త జారింది అంది. రెండో అమ్మాయి మాటే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు వంతులు ముడుచుకున్నా, 40 కాస్తా 39 లోపుకి వస్తుంది. నీకు ఇక గాలాడదు.

"చాలా చిన్నది, వేస్ట్" అని ఒక్క ముక్క రాసినవాళ్లను వదిలెయ్. కానీ 4 అడుగుల 11, 52 కిలోల ఆవిడ ఎమ్ కొని ఛాతీ బిగుతుగా ఉందంది. ఆమె కొలతలు నీవి కాకపోయినా ఆ మాట పారెయ్యకు. ఎమ్ అంటే 38 అంగుళాల బట్ట, అంత చిన్న మనిషికి అది మామూలుగా వదులవ్వాలి. అవ్వలేదంటే కుట్టిన బట్ట పట్టికకంటే తక్కువ వచ్చిందేమో. ఆ రివ్యూ ఏ బట్టదో, ఏ రంగుదో, ఏ నెలదో చూడు. ఒకే పేజీలో కాటన్‌వీ రేయాన్‌వీ రివ్యూలు కలిపేస్తుంటారు, రెండూ ఒకేలా ముడుచుకోవు.

ఎక్స్ఎల్ తీసుకో. వదులైతే పక్క కుట్లు లోపలికి వేయించుకోవడం టైలరుకి పది నిమిషాల పని. బిగుతైతే విప్పడానికి రెడీమేడ్‌లో మార్జిన్ అర అంగుళం కూడా ఉండదు చాలాసార్లు. భుజం జారడం ఒక్కటే చిక్కు, దానికి చేతులు విప్పి మళ్లీ కుట్టాలి. అందుకే ఎక్స్ఎల్ వాళ్ల ఫొటోల్లో భుజం కుట్టు ఎముక దాటి ఎంత కిందికి దిగిందో చూడు. అర అంగుళమైతే పర్వాలేదు.

పార్సెల్ వచ్చాక ట్యాగ్ తీయకుండా, మంచం మీద చదునుగా పరిచి ఒక చంక కింది నుంచి రెండో చంక కింది దాకా కొలువు. 21 అంగుళాలు రావాలి. 20 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే ఒంటి మీద ఎంత బాగున్నట్టు అనిపించినా, ఉతక్కముందే వాపసు పంపించెయ్.

ఇట్లు,
మీ పెద్దమ్మ